చెప్పని మాటకు ఆనవాలు

గడచిన సఫర్ మాసంలో మా సహోపాధ్యాయులొకరు హఠాత్తుగా మరణించారు. ఇన్నాలిల్లాహ్. 26 సంవత్సరాలు మేమిద్దరం ఒకే మదరసాలో, పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాము. గోడకు అటువైపు ఆయన నహ్వ్, అంటే అరబీ వ్యాకరణం చెప్పేవారు. ఇటువైపు మేము హదీసు చెప్పేవారము. ఆయనను గురించి నాలుగు మాటలు వ్రాసి పంపవలసిందిగా సంపాదకులు కోరారు. ఈ పత్రికను ఆయన ఇంట ప్రతి నెలా చదువుతారు. ఇద్దత్ గడువులో ఉన్న ఆయన సతీమణి చదువుతారు. చదువురాని తల్లిగారికి పెద్దమ్మాయి పైకి చదివి వినిపిస్తుంది. కనుక ఏమి వ్రాయాలన్న ప్రశ్న కన్నా, ఏది వ్రాయకుండా ఉండాలన్న ప్రశ్నే మాకు పెద్దదయింది.

మరణించినవారిని గురించి వ్రాయడం మన విద్వాంసులకు కొత్త విషయం కాదు. ఇబ్ను ఖల్లికాన్ గారు తమ ప్రసిద్ధ జీవితచరిత్రల గ్రంథానికి ‘వఫయాతుల్ అఅయాన్’, అనగా ప్రముఖుల మరణాలు అని పేరు పెట్టారు. ఎవరి మరణకాలం నిర్ధారణ అయిందో ప్రధానంగా వారినే అందులో చేర్చారు. ఉర్దూలో సయ్యద్ సులైమాన్ నద్వీ గారు ఆజమ్‌గఢ్ నుండి వెలువడే ‘మఆరిఫ్’ పత్రికలో వ్రాసిన సంతాప వ్యాసాలు ‘యాదె రఫ్తగాఁ’ అనే పేరుతో గ్రంథంగా వచ్చాయి. ఈ సంప్రదాయంలో పెరిగినవారము గనుక మేము ఒక సంగతి గమనించాము. సంతాప వ్యాసాల్లో చిరకాలం నిలిచేది పొగడ్త కాదు, వివరం. ‘తీరని లోటు’, ‘దిగ్భ్రాంతికరమైన వార్త’, ‘ఆయన స్థానం భర్తీ కానిది’ వంటి మాటలు ఏ పేరు కిందనైనా అచ్చువేయవచ్చు. ఆ మాటలు చదివే భార్యకు అందులో తన భర్త కనిపించడు.

మరి దుఃఖాన్ని ఎలా చెప్పాలి? జవాబు మాకు మా మిత్రుల పాఠంలోనే దొరికింది.

నహ్వ్‌లో ‘హజ్ఫ్’ అనే ఒక విషయం ఉంది. వాక్యంలో ఉండవలసిన మాటను వదలివేయడమే హజ్ఫ్. అయితే దానికి ఒక షరతు ఉంది. వదలిన మాట ఏదో వినేవానికి తెలియజేసే ఆనవాలు అక్కడ ఉండాలి. ఆ ఆనవాలును ‘ఖరీనా’ అంటారు. ఖరీనా లేకపోతే హజ్ఫ్ లేదు. మా మిత్రులు దీన్ని పిల్లలకు చెప్పే తీరు మాకు గోడ మీదుగా వినిపించేది. షాబాన్ 29వ రోజు మగ్రిబ్ వేళ మిద్దె మీద అందరూ పడమటి వైపు చూస్తున్నారు. ఒకడు ‘నెలవంక!’ అని అరిచాడు. ‘ఇది’ అనలేదు, ‘అదిగో కనిపిస్తున్నది’ అనలేదు. అయినా కింద వంటింట్లో ఉన్నవారికి కూడా అర్థమయింది. ఎందుకు? అందరి కళ్ళూ ఆకాశం వైపే ఉన్నాయి గనుక. ఆ చూపే ఖరీనా. అదే మాటను ఒకడు మిట్టమధ్యాహ్నం బజారులో నిలబడి అరిస్తే జనం అతణ్ణి వింతగా చూస్తారు. మాట అదే, కాని ఆనవాలు లేదు.

దివ్య ఖుర్ఆన్ యూసుఫ్ సూరాలో యాకూబ్ (అలైహిస్సలాం) కుమారులు తండ్రితో, తాము వెళ్ళివచ్చిన ఊరిని అడిగి చూడమంటారు. ఊరిని ఎవరు అడుగుతారు? అడిగేది ఊరివారిని. ‘వారు’ అన్న మాట అక్కడ లేదు, కాని ఏ శ్రోతా పొరపాటు పడడు. హజ్ఫ్‌కు వ్యాఖ్యాతలు తరచుగా చూపే ఉదాహరణ ఇదే.

దుఃఖాన్ని వ్రాయడంలోనూ నియమం ఇదేనని మాకు తోస్తున్నది. వదలివేయడం మౌనమే, కాని ఆనవాలు లేని మౌనం మౌనం కాదు, ఖాళీ. వ్రాసేవాడు తన బాధను పేరు పెట్టి చెప్పనక్కర లేదు. అయితే పాఠకుడు ఆ బాధను చేరుకోవడానికి ఒక వస్తువునో, ఒక చర్యనో, ఒక చిన్న సంగతినో అక్కడ ఉంచి తీరాలి.

దీనికి హదీసు గ్రంథాల్లోనూ సీరా గ్రంథాల్లోనూ ఒక గొప్ప నిదర్శనం ఉంది. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధం జరిగింది. జైద్ బిన్ హారిసా, జాఫర్ బిన్ అబీ తాలిబ్, అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజియల్లాహు అన్హుమ్) ఒకరి తరువాత ఒకరు సేనాధిపతులై, ముగ్గురూ వీరమరణం పొందారు. జాఫర్ (రజి) దైవప్రవక్త (సఅసం) పెదతండ్రి కుమారులు. ఆయన సతీమణి అస్మా బిన్తె ఉమైస్ (రజి) ఆ రోజును స్వయంగా వివరించారు. ఆమె పిండి కలిపి ఉంచారు. పిల్లలకు స్నానం చేయించి, తలకు నూనె రాసి, శుభ్రం చేశారు. అప్పుడు ప్రవక్త (సఅసం) ఇంటికి వచ్చి, జాఫర్ పిల్లలను తన వద్దకు తెమ్మన్నారు. పిల్లలను దగ్గరకు తీసుకుని వారిని వాసన చూశారు. ఆయన కళ్ళ నుండి నీరు కారింది.

ఇంతవరకు మరణ వార్త నోట రాలేదు. కాని అస్మా (రజి)కు ఆ కన్నీరే ఖరీనా అయింది. జాఫర్‌ను గురించి ఏదైనా తెలిసిందా అని ఆమే అడిగారు. అప్పుడు ప్రవక్త (సఅసం) దాచలేదు. ఆ రోజే వారు అమరులయ్యారని స్పష్టంగా చెప్పారు. తరువాత తమ ఇంటివారి వద్దకు వెళ్ళి, జాఫర్ కుటుంబానికి భోజనం తయారు చేయమని, వారికి వేరే దేనికీ తీరిక లేని సంగతి వచ్చిపడిందని చెప్పారు. మూడు రోజుల వరకు వారిని దుఃఖించనిచ్చారు. ఆ తరువాత వచ్చి, ఇకపై ఏడవవద్దని చెప్పి, పిల్లలను పిలిపించి, క్షురకుణ్ణి రప్పించి వారి తలలు గొరిగించారు.

ఈ ఉల్లేఖనంలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న వ్యథ ఎంతటిదో వర్ణించే మాట ఒక్కటీ లేదు. కలిపి ఉంచిన పిండి ఉంది. నూనె రాసిన పిల్లల తలలు ఉన్నాయి. మరొక ఇంటి నుండి రావలసిన భోజనం ఉంది. క్షురకుడు ఉన్నాడు. ఆ పిండి రొట్టెలయిందో లేదో ఉల్లేఖనం చెప్పదు. పద్నాలుగు శతాబ్దాలుగా ఈ సంగతి చదివే తల్లులు మాత్రం ఆ పిండి దగ్గర ఒక్క క్షణం ఆగుతూనే ఉన్నారు.

అదే యుద్ధంలో అమరులైన అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి)ను గురించి బుఖారీలో మరొక ఉల్లేఖనం ఉంది. అంతకు ముందొకసారి ఆయన జబ్బుపడి స్పృహ తప్పినప్పుడు, ఆయన సోదరి ఆయనను ఇంతటివాడవు, అంతటివాడవు అని ఎన్నుతూ శోకాలు పెట్టింది. స్పృహ వచ్చాక ఆయన, నీవు అన్న ప్రతి మాటకూ, నీవు నిజంగా అంతటివాడవేనా అని నన్ను అడిగారు అని చెప్పారు. ఆయన నిజంగా మరణించినప్పుడు ఆమె అలా ఏడవలేదు. ధార్మికంగా ‘నియాహా’, అనగా గుణాలు ఎన్నుతూ ఎలుగెత్తి శోకించడం ఎందుకు నిషిద్ధమో ఇందులో తెలుస్తున్నది. కంటికి నీరు రావడం నిషిద్ధం కాదు. మనస్సు బాధపడడం నిషిద్ధం కాదు. పొగడ్త చనిపోయినవారిపై భారమవుతుంది. కాగితం మీద పెట్టే శోకాలూ శోకాలే.

మా మదరసాలో పెద్ద తరగతుల విద్యార్థులు గోడపత్రిక నడుపుతారు. తమ ఉస్తాద్ పోయిన వారానికి వారు తలా ఒక కాగితం వ్రాసి మా వద్దకు తెచ్చారు. వాటిలో రెండింటిని గురించి చెబుతాము.

మొదటి విద్యార్థి రెండు పుటలు వ్రాశాడు. విద్యాసూర్యుడు అస్తమించాడనీ, జ్ఞానసముద్రం ఇంకిపోయిందనీ, గోడలు సైతం రోదిస్తున్నాయనీ వ్రాశాడు. పిల్లవాని దుఃఖం అబద్ధం కాదు. వ్రాస్తున్నప్పుడు ఏడ్చాడనడానికి సిరా అలికిన గుర్తులే సాక్ష్యం. కాని చదివిన తోటివారెవరూ చలించలేదు. మేము అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క వాక్యం చదువుతూ, ఈ వాక్యం మరొక ఉస్తాద్ పోయినా వ్రాయవచ్చునా అని అడిగాము. వ్రాయవచ్చునని తానే ఒప్పుకున్న వాక్యాలను తానే కొట్టివేశాడు. రెండవ పుట మధ్యలో ఒక వాక్యం మిగిలింది. వర్షాకాలంలో తన చెప్పు తెగితే, ఉస్తాద్ ఏమీ అనకుండా తీసుకువెళ్ళి కుట్టించి తెచ్చి, గది వాకిట్లో పెట్టి వెళ్ళారట. ఆ చెప్పులు ఇప్పుడెక్కడున్నాయని అడిగాము. కాళ్ళకే ఉన్నాయన్నాడు. ఆ మాట కూడా వ్రాయమన్నాము. గోడ మీద అతని పేరుతో ఆ రెండు వాక్యాలే వచ్చాయి.

రెండవ విద్యార్థి వ్రాసినది మొత్తం నాలుగు వాక్యాలు. సోమవారం ఉస్తాద్ తమకు నహ్వ్ చెబుతున్నారు. గంట కొట్టగానే చాప నుండి ఊడిన పుల్ల ఒకటి పుస్తకంలో పెట్టి మూశారు. గురువారం కొత్త ఉస్తాద్ వచ్చి పాఠం ఎక్కడ ఆగిందని అడిగారు. తామెవ్వరూ చెప్పలేదు.

పాఠం ఎక్కడ ఆగిందో ఆ తరగతిలో అందరికీ తెలుసు. ఆ మాట అతడు వ్రాయలేదు. ఎందుకు చెప్పలేదో వ్రాయలేదు. ఉస్తాద్ మరణించారన్న మాట కూడా ఆ నాలుగు వాక్యాల్లో లేదు. సోమవారానికీ గురువారానికీ నడుమ దాన్ని వదలివేశాడు. పుస్తకంలోని పుల్లే అన్నింటికీ ఆనవాలు. ఆ పుల్లను తీసివేసి చదివి చూడండి. పిల్లలు మొండికేశారని తోస్తుంది. పుల్ల ఉన్నందున, ఆ పుటను మరొకరు తెరవడం వారికి ఇష్టం లేదని తెలుస్తుంది. ‘మేము చాలా బాధపడ్డాము’ అని ఐదవ వాక్యం చేర్చి చూడండి. మిగిలిన నాలుగూ బలహీనపడతాయి. పాఠకుడు తనంతట తాను చేరబోయిన చోటికి అతణ్ణి చేయిపట్టి లాగినట్లవుతుంది. ఈ పిల్లవాడు హజ్ఫ్ పాఠాన్ని తన ఉస్తాద్ వద్ద సరిగ్గానే నేర్చుకున్నాడు.

హఠాన్మరణాన్ని గురించి వ్రాసేటప్పుడు ప్రత్యేకంగా ఒక చోట మౌనం అవసరం. దీర్ఘకాలం జబ్బుపడి పోయినవారు కొన్ని చివరి మాటలు మిగిల్చిపోతారు. హఠాత్తుగా పోయినవారు సగంలో ఆగిన మాటలు మిగిల్చిపోతారు. ఆ సోమవారం జుహ్ర్ తరువాత మా మిత్రులు మా తరగతి గుమ్మం దగ్గరకు వచ్చారు. చేతిలో హాజరుపట్టీ ఉంది. “మౌలానా, ఒక మాట ఉంది” అన్నారు. మా ఎదుట పిల్లలు హదీసు చదువుతుండడం చూసి, “సరే, అసర్ తరువాత చెబుతాను” అని వెళ్ళిపోయారు. అసర్ జమాతులో ఆయన మా కుడివైపున నిలబడ్డారు. సలాం తరువాత వజూ చేసే హౌజు మెట్ల వద్దకు నడిచి, అక్కడ కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందని వైద్యులు చెప్పారు.

ఆ మాట ఏమిటని మమ్మల్ని చాలామంది అడిగారు. కొందరు తామే జవాబు చెప్పారు. ఆయనకు ముందే తెలిసిందన్నారు. వీడ్కోలు చెప్పడానికే వచ్చారన్నారు. ఇటువంటి కథలు హఠాన్మరణం వెంటనే పుట్టుకొస్తాయి, దుఃఖంలో ఉన్నవారికి తీయగానూ ఉంటాయి. కాని అగోచర జ్ఞానం అల్లాహ్‌కే చెందినది. ఆయన చేతిలో హాజరుపట్టీ ఉంది గనుక, అది ఏ పిల్లవాని గైర్హాజరును గురించిన మాటో కావచ్చు. ఆ చోటును మేము పూడ్చబోము. ఆయన అసర్ తరువాత చెబుతానన్నారు, అంతే.

అలాగే, మరణించినవారు స్వర్గానికి చేరారని నిశ్చయంగా వ్రాయడం కూడా మన పని కాదు. ఉస్మాన్ బిన్ మజ్ఊన్ (రజి) మరణించినప్పుడు, అల్లాహ్ నిన్ను గౌరవించాడని నేను సాక్ష్యమిస్తున్నానని ఉమ్ముల్ అలా (రజి) అన్నారు. అది నీకెలా తెలుసని ప్రవక్త (సఅసం) ఆమెను అడిగారు. మనం వాడే ‘మర్హూమ్’ అన్న మాటను కూడా విద్వాంసులు వార్తగా కాక దుఆగా తీసుకోమంటారు: కరుణించబడినవారు అని కాదు, కరుణించబడుదురు గాక అని.

అయితే మౌనం తగని చోట్లు కూడా ఉన్నాయి. మృతుని అప్పులు, వారి వద్ద ఉన్న అమానతులు, వీలునామా, వారసుల హక్కులు అటువంటివి. వీటిని సున్నితంగా సూచించి వదలరాదు, పేరు పెట్టి, లెక్క చెప్పి పలకాలి. జనాజా ముందు పెద్దవారు లేచి, మృతుడు ఎవరికైనా బాకీ ఉంటే చెప్పమని ప్రకటించే ఆచారం ఇందుకే ఉంది. మా మిత్రుల జనాజాలో ఒక పుస్తకాల వ్యాపారి లేచి 340 రూపాయలన్నారు. ఆయన తమ్ముడు అక్కడికక్కడే చెల్లించారు. అది ఏ పిల్లవాని పుస్తకాల బాకీయో ఆ వ్యాపారి చెప్పలేదు, తమ్ముడు అడగలేదు. హక్కు పలకబడింది, మంచి దాగింది. రెండూ వాటి వాటి చోట్లలో ఉన్నాయి.

మౌనంతో దుఃఖాన్ని మోయడం ఎలాగో షరీఅత్ మనకు ఆచరణలోనే నేర్పింది. జనాజా నమాజుకు అజాన్ లేదు, ఇఖామత్ లేదు. రుకూ లేదు, సజ్దా లేదు. ఇమాము నోట బిగ్గరగా వినిపించేవి నాలుగు తక్బీర్లు, సలాం మాత్రమే. మన హనఫీ పద్ధతిలో మొదటి తక్బీర్ తరువాత సనా, రెండవదాని తరువాత దరూద్, మూడవదాని తరువాత దుఆ, అన్నీ మనస్సులోనే. ఆ దుఆలో మృతుని పేరు కూడా రాదు. మాలో జీవించి ఉన్నవారిని, మరణించినవారిని, హాజరైనవారిని, దూరంగా ఉన్నవారిని, చిన్నలను, పెద్దలను, పురుషులను, స్త్రీలను క్షమించమని వేడుకుంటాము. వందలమంది ఒకే సమయంలో పెదవులు కదుపుతారు, శబ్దం రాదు. ఎదుట ఉన్న ఆ పాడె చాలు, ఎవరికోసమో తెలియడానికి. అందుకే ఈ వ్యాసంలోనూ ఆయన పేరు వ్రాయలేదు. తెలిసినవారికి తెలుసు. తెలియనివారు తమవారి పేరు తలచుకుంటారు.

ఇక మా మిత్రులను గురించి మేము వ్రాయగలిగింది ఇంత. ఆయన వయస్సు 54 సంవత్సరాలు. స్నానం చేయించినవారిలో ఆయన కుమారుడు ఉన్నాడు. నీళ్ళు పోసే చెంబు అతని చేతిలో ఉంది. కఫన్ మూడు వస్త్రాలు. ఇషా తరువాత నమాజు జరిగింది. సమాధిలో దింపినవారు నలుగురు, అందులో మేమొకరము. పైకి ఎక్కడానికి ఎవరో చేయి అందించారు. ఎవరో చూడలేదు.

ఆయన తరగతిలో ఒక గోడగడియారం ఉంది. జమాతుకు పిల్లలు ఆలస్యం కాకూడదని దాన్ని ఆయన ఏడు నిమిషాలు ముందుకు తిప్పి ఉంచేవారు. పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. మొన్న కొత్త ఉస్తాద్ దాన్ని సరిచేయడానికి స్టూలు తెప్పించారు. ఒక పిల్లవాడు లేచి, “ఉస్తాద్, అది సరిగానే ఉంది” అన్నాడు. గోడకు ఇటువైపు మేము పాఠం ఆపి విన్నాము. కాసేపటికి స్టూలు తిరిగి లోపల పెట్టిన చప్పుడు వినిపించింది. మేము మళ్ళీ హదీసు మొదలుపెట్టాము.

అల్లాహ్ ఆయన పాపాలను మన్నించుగాక. ఆయన సమాధిని విశాలం చేయుగాక. ఆయన తల్లిగారికి, సతీమణికి, పిల్లలకు ఉత్తమమైన సహనాన్ని ప్రసాదించుగాక. చదివినవారు ఒక దుఆ చేయవలసిందిగా మనవి. ఆమీన్.